అద్దె ఇల్లు, ఇండెక్స్ ఫండ్: పదేళ్లకు పైగా రెండూ ఉంచుకున్న తర్వాత

నేను ఉంటున్న ఇల్లు కాక, అద్దె కోసం అప్పు చేసి మరో ఫ్లాట్ కొన్నాను. దాదాపు అదే కాలంలో వేరే డబ్బును ఎన్నో దేశాల కంపెనీల షేర్లు కలిసి ఉండే ఇండెక్స్ ఫండ్‌లో పెడుతూ వచ్చాను. రెండూ పదేళ్లకు పైగా నా దగ్గర ఉన్నాయి. ఈ రెంటిలో ఏది మేలని ఎవరైనా అడిగితే నేను ముందుగా అడిగేది ఒక్కటే: అప్పు మీద వడ్డీ ఎంత? ఇంటి ధరలో ఏటా వచ్చే పెరుగుదలకు ఖర్చులన్నీ పోగా మిగిలే అద్దెను కలిపితే వచ్చే శాతం ఆ వడ్డీ కంటే తక్కువగా ఉంటే, ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా అప్పు మన రాబడిని కిందికే లాగుతుంది. నా ఫ్లాట్ విషయంలో మొదటి పదేళ్లలో జరిగింది ఇదే.

లెక్క తేలికగా అర్థం కావడానికి ఇంటి ధరను 100 అనుకుందాం. నా అంకెలను కాస్త గుండ్రం చేశాను. పన్ను నియమాలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి వాటిని రెండు వైపులా వదిలేశాను. రిజిస్ట్రేషన్, బ్రోకర్ కమీషన్, అద్దెకు ఇవ్వడానికి ముందు చేయించిన పనులు అన్నీ కలిపి మరో 7 అయ్యాయి. బ్యాంకు ఇచ్చింది 70, నా చేతి నుంచి వెళ్లింది 37. ఏడాది అద్దె 4. అమ్మేవారు, బ్రోకర్లు చెప్పే 4 శాతం రాబడి ఇదే, అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ 4 పూర్తిగా చేతికి రాదు.

ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోగా పోయే అద్దె సగటున ఏడాదికి ఒక నెల, అంటే 0.33. కొత్తవారిని చూపించినందుకు బ్రోకర్‌కు ఇచ్చేది ఏడాదికి సర్దితే 0.14. ఆస్తిపన్ను, బీమా, అపార్టుమెంటు నిర్వహణ కలిపి 0.6. మరమ్మతులు మరో 0.6. ఇవన్నీ పోగా మిగిలేది 2.33. దాన్ని 100తో కాకుండా అసలు పెట్టుబడి అయిన 107తో పోల్చాలి. అప్పుడు నికర రాబడి 2.2 శాతం దగ్గర తేలుతుంది.

వీటిలో మరమ్మతుల అంకెనే ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఆ ఖర్చు ఏటా రాదు. మూడు నాలుగేళ్లు ఒక కుళాయి, ఒక తాళం మార్చడంతో సరిపోతుంది. అద్దె ఇల్లంటే ఇంత సులువా అనిపిస్తుంది. తర్వాత ఒకసారి కింది ఫ్లాట్‌వారు ఫోన్ చేసి తమ స్నానాల గది పైకప్పు మీద పసుపుపచ్చని మరక పడిందని చెప్పారు. వెళ్లి చూస్తే మరక అంచు తడిగా ఉంది, వేలితో నొక్కితే సున్నం పొడిగా రాలింది. పై నుంచి పలకల సందుల్లో తెల్ల సిమెంటు నింపి చూశాం, నెలలోపే మరక పెద్దదైంది. చివరకు మా ఫ్లాట్‌లో పలకలన్నీ పగలగొట్టి, కింద వాటర్‌ప్రూఫింగ్ పొర వేయించి, పైపు మార్పించి, మళ్లీ పలకలు పరిపించాం. కింది ఇంటి పైకప్పుకు రంగు కూడా మేమే వేయించాం. స్నానాల గది వాడుకోలేని ఆ వారాలకు అద్దె తగ్గించక తప్పలేదు. ఆ ఏడాది అద్దెలో సగానికి పైగా అటే పోయింది. అందుకే మరమ్మతుల కోసం అద్దెలో ఏడో వంతు ప్రతి నెలా వేరే ఖాతాలో వేయడం అలవాటు చేసుకున్నాను. పాత ఇల్లయితే అదీ చాలదని నా అంచనా.

ఇప్పుడు అప్పు సంగతి. 70 మీద వడ్డీ 8 శాతం, గడువు 20 ఏళ్లు. ఏడాది వాయిదాలు 7.03 అవుతాయి. నికర అద్దె 2.33 కాబట్టి మిగతా 4.7 నా జీతంలోంచి కట్టాలి. అద్దే వాయిదా కట్టేస్తుందన్న మాట ఎంత ప్రచారంలో ఉందో, అది నిజమయ్యే ఇళ్లు అంత అరుదు. అద్దె, ఖర్చులు రెండూ ఏటా 4 శాతం పెరిగాయనుకున్నా, పదో ఏట కూడా నేను 3.7 జోడించవలసి వచ్చింది. పదేళ్లలో అలా జోడించినది 42. మొదట పెట్టిన 37తో కలిపితే 79.

ఇంటి ధర ఏటా 5 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకు 163 అవుతుంది. నూరు పెట్టి కొన్నది నూట అరవై దాటిందని బంధువుల ముందు చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. అప్పటికి బ్యాంకుకు ఇంకా 48కి కాస్త పైగా బాకీ. అమ్మే ఖర్చు మరో 3కి కాస్త పైగా. చేతికి వచ్చేది 111. నా 79, ఒక్కో మొత్తం ఒక్కో సమయంలో వెళ్లిన 79, 111గా మారడమంటే ఏటా సుమారు 4.5 శాతం రాబడి. ఇంటి ధర పెరిగిన 5 శాతం కంటే కూడా ఇది తక్కువ. కారణం ముందు చెప్పినదే: పెరుగుదల 5, నికర అద్దె 2.2, రెండూ కలిపితే 7.2, అప్పు ఖరీదు 8. అప్పు తెచ్చిన ప్రతి రూపాయి మీదా కొంత నష్టపోతూ వచ్చాను. పైగా మొదటి రోజే ఖర్చయిన 7 ఇక తిరిగి రాదు.

ఇదే ఇంటి ధర ఏటా 8 శాతం పెరిగి ఉంటే కథ మారిపోయేది. 8కి 2.2 కలిపితే వడ్డీని దాటుతుంది, చేతికి 163 వచ్చేది, రాబడి 9.5 శాతం దాటేది. ఇల్లు కొని బాగుపడ్డవారి మాటలు అబద్ధం కావు. వారిలో చాలామంది పెరుగుదల వడ్డీని మించిన కాలంలోనో, వడ్డీ బాగా తక్కువగా ఉన్నప్పుడో కొన్నవారు. రాబడికీ వడ్డీకీ ఉన్న అంతరాన్ని అప్పు ఎటు ఉంటే అటు పెంచుతుంది.

ఇంతే డబ్బు, అంటే మొదట 37, తర్వాత ఏటా జోడించినవి, ఫండ్‌లోకి వెళ్లి ఖర్చులు పోగా ఏటా 8 శాతం సంపాదించి ఉంటే పదేళ్లకు 145కు కాస్త తక్కువ అయ్యేది. ఈ 8 శాతం హామీ ఏమీ కాదు, పోలిక కోసం తీసుకున్న అంకె. ఇంటి కంటే వెనకబడాలంటే మాత్రం ఫండ్ రాబడి 4.5 శాతం కంటే తగ్గాలి.

ఫండ్‌తో ఇన్నేళ్లు గడిపాక దాని కష్టం గురించి కూడా చెప్పాలి. దాని పని తక్కువ: నెలనెలా డబ్బు వెళ్తుంది, నిర్వహణ రుసుము ఒక శాతంలో చిన్న భాగం, ఎవరూ ఫోన్ చేయరు. కష్టమంతా చూడటంలో ఉంది. 2020 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 వరకు, నెల రోజులకు కాస్త ఎక్కువలో, అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ దాదాపు 34 శాతం పడిపోయింది. ఆగస్టుకల్లా తిరిగి లేచింది కాబట్టి ఇప్పుడు అది చిన్న విషయంగా కనిపిస్తుంది. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు జరిగిన పతనంలో అదే సూచీ సగానికి పైగా పోగొట్టుకుంది, పాత స్థాయి అందుకునేసరికి 2013 వచ్చింది. మధ్యలో ఉద్యోగం పోయి యూనిట్లు అమ్ముకున్నవారికి ఆ తర్వాతి లాభం దక్కలేదు. ఇంటి ధరలు కూడా పడతాయి. 2006 తర్వాత అమెరికాలో ఏళ్ల తరబడి పడ్డాయి. కానీ ఇంటి ధర రోజూ తెరమీద ఎర్రగా కనిపించదు, అందుకే యజమాని నిబ్బరంగా ఉంటాడు. ఆ తెలియకపోవడం కొందరికి నిజంగా ఉపయోగపడుతుంది. వాయిదా తప్పకూడదన్న భయంతో పొదుపు చేసేవారినీ, ఫండ్‌లో వేయవలసిన డబ్బును ప్రతి నెలా ఏదో వంకతో ఆపేసేవారినీ చూశాను. అలాంటివారికి 4.5 శాతం ఇచ్చే ఇల్లే మేలు.

మీ ఇంటి లెక్క మీరే తేల్చుకోవడానికి స్ప్రెడ్‌షీట్ చాలు. మొదటి నిలువు వరుసలో తేదీలు, రెండో నిలువు వరుసలో మొత్తాలు రాయండి. మీ జేబులోంచి వెళ్లిన ప్రతిదీ, పలకలు పరిచిన మేస్త్రీ కూలి సహా, మైనస్ గుర్తుతో ఉండాలి. వాయిదాలు పోయాక అద్దె మిగిలితే అది ప్లస్. చివరి అడ్డు వరుసలో నేటి తేదీ, ఈ రోజు అమ్మితే అప్పు, అమ్మకం ఖర్చులు తీరాక చేతికి వచ్చే మొత్తం రాయండి. తర్వాత ఏటా రాబడి ఎంతో తేల్చే ఈ సూత్రం వేయండి, 140 బదులు మీ చివరి అడ్డు వరుస సంఖ్యతో:

```
=XIRR(B2:B140, A2:A140)
```

ఫండ్‌కు కూడా ఇదే సూత్రం వాడితేనే పోలిక సమంజసం. ఇంటి ధరగా ప్రకటనల్లో అడుగుతున్న ధర కాకుండా, అదే భవనంలోనో పక్క భవనంలోనో ఇటీవల నిజంగా అమ్ముడుపోయిన ధర వేయాలి. నా ఫ్లాట్‌కు ఈ రెండు ధరలు వేసి చూస్తే రాబడిలో ఒక శాతానికి పైగా తేడా వచ్చింది.

మధ్యలో ఒకసారి ఇంట్లో పెద్ద ఖర్చు వచ్చింది. ఫండ్‌లో కావలసినన్ని యూనిట్లు మాత్రమే అమ్మాను, కొద్ది పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడింది. ఫ్లాట్‌లో ఒక గదిని అమ్మడం కుదరదు.

ఇప్పుడు ఫ్లాట్‌ను ఉంచాలా అమ్మాలా అన్న ప్రశ్న అద్దెదారు ఖాళీ చేసిన ప్రతిసారీ వేసుకుంటున్నాను, ఎందుకంటే అమ్మడానికి అదే వీలైన సమయం. కొన్న ధరతో పోల్చి చూస్తే నికర అద్దె 3 శాతం దాటినట్టు కనిపిస్తుంది, అది ఊరట మాత్రమే. నేడు అమ్మితే వచ్చే ధరతో పోలిస్తే అది ఇప్పటికీ 2.2 శాతం దగ్గరే ఉంది. కొన్నప్పటి ఖర్చు ఎలాగూ పోయింది, అప్పు కూడా తగ్గుతోంది కాబట్టి ప్రస్తుతానికి ఉంచాను. స్నానాల గది పైపులు మార్చినా వంటగది పైపులు ఇంకా పాతవే. అవి కారడం మొదలుపెట్టేలోగా మరో అద్దెదారు ఖాళీ చేస్తే అమ్మకానికి పెడతాను. మూడో ఇల్లు కొనే ఆలోచన లేదు.