కళింగపట్నమా, బారువా? ఆ ఫోటో గురించి అమ్మకి

అమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో మళ్ళీ చూస్తన్నాను, తమ్ముడికి స్వెట్టరు, నీ చేతిలో నా చెప్పులు, వెనక ఇసక, చెట్లు, ఓ మూలకి లైట్‌హౌస్ ముక్క. నాన్నని ఫోన్‌లో ఎన్నిసార్లడిగినా కళింగపట్నమే అంటన్నారు, నాకేమో బారువ అనిపిస్తంది, అందుకే నీకు రాస్తన్నాను.

నాన్న మాటకి బలం ఉంది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం గంట దారి, ఏ ఆదివారమైనా వెళ్ళిపోయేవాళ్ళం, లైట్‌హౌసూ ఉంది. కానీ లైట్‌హౌస్ బారువలోనూ ఉంది కదా, దాంతో తేలదు. భావనపాడు అనుకుందామంటే బోట్లు లేవు, భీమిలి అయితే కొండ మీదకొచ్చేసినట్టుంటుంది, అవి రెండూ వదిలీ.

నాకు తేల్చేది కొండే. చెట్ల పైన నీలంగా ఒక్క కొండ ఉంది చూడు, అది మహేంద్రగిరి అనుకుంటన్నాను. దాని ఎత్తు దాదాపు 1,500 మీటర్లు, బారువ నుంచి ఓ 25 కిలోమీటర్లు, కళింగపట్నం నుంచైతే 70 దాటుతుంది. అంత దూరం నుంచి ఎంత ఎత్తు కొండైనా గీతలా కనిపిస్తుందంతే, అదీ గాలి తేటగా ఉంటేనే. మన పాత రీలు కెమెరా లెన్స్‌కి లెక్కేసి చూసేను, నాలుగంగుళాల ఎత్తున్న ప్రింట్ మీద బారువ నుంచి కొండ తొమ్మిది మిల్లీమీటర్ల దాకా రావాలి, కళింగపట్నం నుంచి రెండు మిల్లీమీటర్లు. నువ్వు ఫోన్‌తో తీసి పంపినదాంట్లో అంచులు తెగిపోయేయి, అందుకే నేనిక్కడ కొలవలేను, నువ్వే ఆల్బం తీసి స్కేలు పెట్టు. ఇసక గీత దగ్గర్నుంచి కొండ కొన దాకా కొలువు, చెట్ల మీద నుంచి కాదు.

చెట్లని మాత్రం ఇప్పటి వీడియోలతో పోల్చొద్దమ్మా, నేనూ అదే పొరపాటు చేసేను. 2018 అక్టోబర్లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎన్ని పడిపోయేయో నీకు తెలుసు, ఆ వరస ఇప్పుడు ఉండదు.

ఇంకోటి. మనం సముద్రం వైపు తిరిగి నించున్నాం, ఎండ నేరుగా మొహాల మీద ఉంది, అంటే పొద్దున్నే. స్వెట్టరుంది కాబట్టి సంక్రాంతి సెలవులయుంటాయి. కళింగపట్నమైతే తెల్లారి బయల్దేరినా అందుకుంటాం, బారువైతే ముందురోజే రైల్లో సోంపేటలో దిగి ఎవరింట్లోనో పడుకునుండాలి. నాకు చీకట్లో రైలు దిగడం, ఎవరో పెద్దాయన నన్ను భుజానేసుకోడం, దుప్పటికి జీడిపిక్కలు కాల్చిన వాసన గుర్తున్నాయి. నాన్నకి ఇదేం గుర్తులేదంట.

కొలిచి చెప్పు. ఆ ఇల్లు ఎవరిదో కూడా చెప్పమ్మా.