పండని నాయిన, ఊరు మరిచిన కొడుకు: ఏది శ్లేష, ఏది గజిబిజి?

హన్మకొండలో మేం నెలకోసారి కూర్చుని ఒకరి కవితలు ఒకరం చదువుకుంటాం. పోయిన నెల రెండు కవితలు ఒకే రోజు వచ్చాయి. రెండింట్లోనూ రెండర్థాల వాక్యం ఉంది. రాసినవాళ్లిద్దరూ "కావాలనే అట్లా రాశాను" అన్నారు. నాకు ఒకటి శ్లేష అనిపించింది, రెండోది గజిబిజి అనిపించింది. మన అలంకారశాస్త్రం శ్లేషను అలంకారాల్లో చేర్చి, సందిగ్ధాన్ని దోషాల్లో పెట్టింది. కానీ ఒక వాక్యం ఏ వైపుకు వస్తుందో కవి మాట మీద తేల్చలేం, కవితలోనే వెతకాలి.

నర్సంపేట వైపు నుంచి వచ్చే అమ్మాయి రాసింది ఇది:

ఈ ఏడూ పండలేదు
చేను గట్టున నాయిన
రాత్రంతా టార్చిలైటు
బోరు నోట గాలి

మన దగ్గర "పండుడు" అంటే పంట చేతికి రావడం, నిద్రపోవడం కూడా. మొదటి పాదం చదవగానే పంట పోయిందనుకుంటాం. రెండో పాదంలో "నాయిన" రాగానే ఆ క్రియ వెనక్కి తిరిగి ఆయన్ని పట్టుకుంటుంది. ఇది వ్యాకరణం ఇచ్చిన అవకాశం. "పండింది" అంటే చేను, "పండిండు" అంటే నాయిన అని తెలిసిపోతుంది. "పండలేదు" అన్నప్పుడు మాత్రం ఆ తేడా ఉండదు, ఎవరికైనా అదే రూపం. అమ్మాయి సరిగ్గా ఆ రూపాన్నే ఎంచుకుంది.

పరకాల కుర్రాడి కవిత ఇట్లా మొదలైంది:

ఊరు మరిచిన కొడుకు
బస్సు దిగాడు
వేపచెట్టు కింద అందరూ
పేరు పెట్టి పిలిచారు

ఊరిని మరిచిన కొడుకా, ఊరే మరిచిపోయిన కొడుకా? "మరిచిన" అనే మాట మరిచింది ఎవరో చెప్పదు. ప్రాణం లేనివాటికి "ని" పెట్టకపోయినా తెలుగులో నడుస్తుంది కాబట్టి "ఊరు" కర్తా కావచ్చు, కర్మా కావచ్చు. విడిగా చూస్తే ఈ పాదం మొదటిదానికంటే అందంగా ఉంది. నేనూ మొదట దీనికే ముచ్చటపడ్డాను.

తర్వాత ఒక పరీక్ష పెట్టి చూశాం. రెండర్థాల మాట తీసేసి, ఒక్క అర్థమే ఇచ్చే మాట పెట్టాలి. తర్వాత రెండో అర్థం ఇచ్చే మాట పెట్టాలి. రెండుసార్లూ కవిత ఏం పోగొట్టుకుందో చూడాలి.

అమ్మాయి కవితలో "పంట రాలేదు" అని పెడితే గట్టున నాయిన ఉత్త బొమ్మ అయిపోతాడు, టార్చిలైటు ఎందుకుందో తెలియదు. "నిద్రపోలేదు" అని పెడితే ఆయనకు నిద్ర ఎందుకు పట్టలేదో బోరు గాలి దాకా ఆగి మనమే ఊహించుకోవాలి. పంట రాకపోవడమే నిద్ర లేకపోవడానికి కారణం. ఆ రెండూ ఒక్క క్రియలోనే ఉన్నాయి. టార్చి ఒక అర్థానికి సాక్ష్యం, బోరు రెండోదానికి. గుంటూరు పాఠకుడికి నిద్ర అర్థం తట్టకపోవచ్చు. అయినా అతనికి పంట పోయిన ఇంటి కవిత నిండుగానే అందుతుంది, ఎక్కడా తడబడడు. నా దృష్టిలో ఇది పెద్ద గుర్తు: ఒక్క అర్థమే అందినవాడికి కూడా వాక్యం కుంటకూడదు.

కుర్రాడి కవితలో "ఊరిని మరిచిన" అని మార్చాం. ఏమీ పోలేదు, ఇంకా స్పష్టమైంది. "ఊరికి గుర్తులేని" అని మార్చాం. కింది పాదమే దాన్ని కాదంటోంది, అందరూ పేరు పెట్టి పిలిచారు కదా. అంటే రెండో అర్థానికి కవితలో ఎక్కడా చోటు లేదు. అది భాష ఇచ్చిన యాదృచ్ఛికం, కవి సంపాదించింది కాదు. కావాలనే రాశానని కుర్రాడు అబద్ధం చెప్పాడని నేననను. ఎవరో ఎత్తి చూపాక మనకూ ముందే తట్టినట్టు అనిపిస్తుంది.

కానీ కుర్రాడికి ఆ పాదాన్ని వదులుకోబుద్ధి కాలేదు. అక్కడే కూర్చుని కింది పాదాలు మార్చాడు:

ఊరు మరిచిన కొడుకు
మల్లన్న గుడి ఏ దిక్కని అడిగాడు
చెయ్యి చూపి తాత
"ఎవల కొడుకువు బిడ్డా" అన్నడు

ఇప్పుడు దారి అడగడం ఒక అర్థానికి, తాత ప్రశ్న రెండోదానికి ఆధారం. ఏ ఒక్కటి తీసినా కవిత సగమే మిగులుతుంది.

అమ్మాయి ఇంకో మాట అంది: "ఊరు బదులు అమ్మ అని పెడితే?" పెట్టి చూశాం. "అమ్మ మరిచిన కొడుకు" అంటే మరిచింది అమ్మే. మనుషులకు "ను" తప్పదు కాబట్టి రెండో అర్థం కావాలంటే "అమ్మను మరిచిన" అనాల్సిందే. కుర్రాడు "ఊరు" దగ్గరే ఆగిపోయాడు.