పాత ఫర్నిచర్ చెక్కను ఫొటోలో పోల్చుకోవడం: క్లిప్ లెన్స్‌తో మూడేళ్లు

ఫోన్ కెమెరాకు తగిలించుకునే చిన్న మాక్రో లెన్స్ ఒకటి మూడేళ్లుగా వాడుతున్నాను. పాత ఇళ్లు పడగొట్టే చోట బీరువాలు, బల్లలు కొని బాగుచేయడం నా పని. "ఇది టేకేనా?" అంటూ రోజూ ఎవరో ఒకరు ఫొటో పంపుతారు. లెన్స్ కొనకముందు రంగు, పైచారలు చూసి చెప్పేవాణ్ణి. చాలాసార్లు తప్పాను. పాత పాలిష్ కింద ఏ చెక్కైనా ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుంది. ఆపైన గదిలో బల్బు రంగునుబట్టి ఫోన్ కూడా రంగు మార్చేస్తుంది.

చెక్క ఏదో తెలిసేది దాని అడ్డుకోత ముఖంలో. అంటే దుంగను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం. బల్ల కాలి అడుగు, సొరుగు పక్కచెక్క చివర, తలుపు చట్రంలో బయటికి పొడుచుకొచ్చిన అతుకు చివర... పాలిష్ సాధారణంగా చేరని ఇలాంటి చోట్ల అది దొరుకుతుంది. అక్కడ గోరంత మేర కొత్త బ్లేడుతో పలచగా చెక్కాలి. ఉప్పుకాగితం వేస్తే పొడి రంధ్రాల్లో కూరుకుపోయి అంతా మసకబారుతుంది. చెక్కిన చోట ఒక నీటిచుక్క రాసి, పక్కన మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు స్కేలు పెట్టి తీస్తే రంధ్రాలు ఎంత పెద్దవో, ఎలా పేర్చుకున్నాయో తేలుతుంది. టేకులో ఏటా పెరిగే ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా ఉంటాయి. ఆ వరస వెంట లేత రంగు పట్టీ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి రంధ్రాలు చిన్నవవుతూ పోతాయి. నల్లమద్దిలో అలాంటి వరస ఉండదు, రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి. ఈ రెంటినీ ఇప్పుడు ఒక్క ఫొటోతో విడదీయగలను.

తిప్పలు పెట్టేది టేకులా కనిపించే పెద్దేగి చెక్క. పోయిన ఏడు హైదరాబాద్‌లో మా బావ ఓ పాత రాతబల్ల బేరమాడుతూ ఫొటో పంపాడు. అమ్మేవాడు టేకు ధర చెబుతున్నాడు. మొదటి ఫొటో పాలిష్ చేసిన పైభాగానిది, దాంతో ఏమీ చెప్పలేను. "బావా, పైచెక్క చివర కాస్త బ్లేడుతో చెక్కి తియ్యి" అన్నాను. ఉప్పుకాగితం వేసి తీశాడు, మసక. మళ్లీ చెప్పాక బ్లేడుతో చెక్కి, తడిపి తీశాడు. పెద్ద రంధ్రాలు వలయం మొదట్లో కాస్త ఎక్కువగా, తర్వాత చిన్నవిగా కనిపించాయి. తొందరపడితే టేకు అనేద్దును. కానీ రంధ్రాల మధ్య లేత రంగు గీతలు సన్నగా అలల్లా సాగుతున్నాయి. టేకులో లోపలినుంచి బయటికి పోయే కిరణాల గీతలు ఉత్త కంటికే ఆనుతాయి. ఇక్కడ లెన్స్‌లోనూ అవి వెంట్రుకల్లా ఉన్నాయి.

అప్పుడు బల్లను బోర్లించి, పాలిష్ లేని అడుగువైపు, వలయాలు గోపురం ఆకారంలో కనిపించే చోట, టార్చి వెలుగు ఏటవాలుగా వేసి తీయమన్నాను. నారకు అడ్డంగా దగ్గర దగ్గరగా సన్నని గీతలు, నీటి మీద చిరుఅలల్లా కనిపించాయి. పెద్దేగి జాతిలో అవి ఉంటాయి, టేకులో ఉండవు. రూఢి కోసం ఆ చెక్క పొట్టు గాజుగ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టించాను. తెల్లారి నీళ్లు పసుపు గోధుమరంగుకు తిరిగి, ఎండలో నల్లగుడ్డ ముందు పెడితే నీలి మెరుపు మెరిశాయి. పైచెక్క పెద్దేగి. కాళ్ల అడుగు చూస్తే మాత్రం టేకే. పాత సామానులో ఇలా రెండు చెక్కలు కలవడం మామూలే కాబట్టి ఒక్కచోట తీసిన ఫొటో చూసి మొత్తానికి పేరు పెట్టకూడదు. పెద్దేగి చేవ కూడా గట్టిదే, బావ బల్ల వదల్లేదు, ధర తగ్గించి కొన్నాడు.

ఇక లెన్స్ లోపాలు. చెక్కకు సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టాలి, అంత దగ్గరలో ఫోన్ నీడే పడుతుంది. పక్కనుంచి టార్చి తప్పదు. చెక్కిన చోటు చదునుగా లేకపోతే మధ్యభాగం ఒక్కటే స్పష్టంగా వస్తుంది. మూడు కెమెరాల ఫోనైతే తనంతట తాను ఇంకో కెమెరాకు మారుతుంది. నేను మిగతా రెంటి మీద నల్లటేపు అంటిస్తాను. క్లిప్ రబ్బరు రెండో ఏడాదికే వదులైంది, సైకిల్ ట్యూబు ముక్క పెట్టి నెట్టుకొస్తున్నాను.

పైన పలచటి చెక్కపొర అంటించిన ప్లైవుడ్ వస్తువుల దగ్గర ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు. పొర అంచు చెక్కి చూసేంత మందం ఉండదు. బర్మా టేకా, మన టేకా అన్నది కూడా రంధ్రాల ఫొటో చూసి నేను చెప్పలేను. అలా అడిగేవాళ్లకు టేకు అని మాత్రం చెప్పి ఆగిపోతాను. బేరం పెద్దదైతే ముక్క తీసుకుని బెంగళూరులోని వుడ్ సైన్స్ సంస్థ లాంటి చోట పరీక్ష చేయించుకోమంటాను.