నాలుగున్నరకు లేపడమా, ఆరున్నర దాకా పడుకోనివ్వడమా: ఇంటర్ పిల్లలకు ఏది మేలు?

తెల్లవారుజామున లేపి చదివించడానికే మన ఇళ్లలో ఓట్లెక్కువ. నా ఓటు మాత్రం రాత్రి పదిన్నర దాకా చదివించి, పొద్దున ఆరున్నరకు లేపడానికి.

చీకటి పడ్డాక మెదడులో విడుదలయ్యే మెలటోనిన్ ఒంటిని నిద్రకు సిద్ధం చేస్తుంది. యుక్తవయసులో అది గంట, రెండు గంటలు ఆలస్యమవుతుంది. అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల పాటు పరిశోధించిన విషయమిది. ఫోన్ ఈ ఆలస్యాన్ని ఇంకా పెంచుతుంది. కానీ ఫోన్ లాక్కున్నంత మాత్రాన అది పూర్తిగా పోదు.

పదహారేళ్ల అబ్బాయిని ఊహించుకోండి. నాలుగున్నరకు లేవాలని తొమ్మిదిన్నరకే పడుకోబెడతారు. అటూ ఇటూ దొర్లి పదకొండుకు నిద్రపోతాడు. దక్కేది ఐదున్నర గంటలు. పదిన్నరకు పుస్తకం మూసినా నిద్ర పట్టేది దాదాపు ఆ పదకొండుకే, కానీ ఆరున్నర దాకా పడుకుంటే ఏడున్నర గంటలు దక్కుతాయి. ఈ వయసుకు కావలసింది 8 నుంచి 10 గంటలు కాబట్టి ఇదీ తక్కువే. చదువు ఒక గంట తగ్గిన మాట నిజం. అయితే నాలుగున్నరకు వాడి ఒంటికి ఇంకా నడిరాత్రే. పేజీలు తిరుగుతాయి, బుర్రకెక్కేది తక్కువ. పైగా కలల నిద్ర ఎక్కువగా ఉండే చివరి భాగమే కోతపడుతుంది.

ఇంకో చిక్కుంది. ఆలస్యంగా నిద్రపోయే పిల్లలకు అంత పెందలాడే గట్టి లైటు వేస్తే, శరీర గడియారం ముందుకు జరగడానికి బదులు ఇంకా వెనక్కి పోవచ్చు. ఏడు గంటల ఎండ మాత్రం దాన్ని ముందుకు లాగుతుంది.

"ఆలస్యంగా లేపితే ఇంకా ఆలస్యంగా పడుకుంటారు" అంటారు. 2016లో అమెరికాలోని సియాటిల్‌లో హైస్కూళ్లు మొదలయ్యే వేళను 7:50 నుంచి 8:45కు మార్చారు. పిల్లలు సగటున 34 నిమిషాలు ఎక్కువగా నిద్రపోయారు.

మార్కుల కంటే నాకు టెన్షన్ బండి గురించి. తొందరపాటును ఆపే మెదడు ముందుభాగం ఇరవైలు సగం దాటేదాకా ఎదుగుతూనే ఉంటుంది. సరదాకు, మెప్పుకు స్పందించే భాగం ఈ వయసులోనే జోరుగా ఉంటుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు ఒక డ్రైవింగ్ ఆట ఆడించి చూస్తే, స్నేహితులు చూస్తున్నప్పుడు పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. ప్రమాదమని తెలియక కాదు. దానికి నిద్రలేమి తోడైతే ఆ కాస్త బ్రేకూ సడలుతుంది. అందుకే చీకట్లో ట్యూషన్‌కి ముగ్గురు ఒకే బండి మీద వెళ్లడం నాకు అస్సలు నచ్చదు.

ఇక ఆదివారం పన్నెండు దాకా పడుకోవడమంటారా, దానివల్ల ఆ రాత్రి నిద్ర పట్టక సోమవారం పాడవుతుంది. రోజూ లేచే వేళకు గంట, గంటన్నర అదనంగా ఇస్తే చాలు.

కొందరు పిల్లలు పుట్టుకతోనే కోడికూత బాపతు. సెలవుల్లో రెండో వారం అలారం లేకుండా వదిలి చూడండి. అప్పుడూ ఐదింటికే హుషారుగా లేస్తే, వాళ్లకు తెల్లవారుజాము చదువే సరిపోతుంది.