క్వాలిటీ తగ్గించాలా, ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలా?

యూట్యూబ్ ఆగి ఆగి ఆడుతుంటే ముందు fast.comలో రెండు మూడు సార్లు వేగం చూడండి. 360pకి సుమారు 0.7 ఎంబీపీఎస్ చాలు, 720pకి 2.5 కావాలి. వేగం 1 కంటే తగ్గకపోతే వీడియో మీది గేర్ గుర్తు నొక్కి, Quality, Advanced, 360p ఎంచుకోండి. Autoలో వదిలేస్తే, వేగం కాసేపు పెరగగానే పై క్వాలిటీకి ఎగబాకి మళ్లీ ఇరుక్కుంటుంది.

వేగం మాటిమాటికీ సున్నాకి పడిపోతుంటే ఈ మార్పుతో పని జరగదు, డౌన్‌లోడే మేలు. మధ్యలో నెట్ పోయినా తిరిగొచ్చాక మిగతాది దిగుతుంది. 0.7 ఎంబీపీఎస్ లెక్కన రెండు గంటల వీడియో దాదాపు 630 ఎంబీ. 1 ఎంబీపీఎస్‌లో గంటన్నర లోపే అయిపోతుంది. అసలు మొదలే కాకపోతే వైఫైలో మాత్రమే డౌన్‌లోడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. లైవ్ క్రికెట్‌కి మాత్రం తక్కువ క్వాలిటీయే దిక్కు.