బీటెక్ మొదటి ఏడాది అయ్యాక విదేశంలో సెకండియర్‌లోకి: అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఏది మేలు?

ఫస్టియర్ ఫలితాలు వచ్చాయంటే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, నాకు నలభై క్రెడిట్లు ఉన్నాయి, ఏ దేశంలో ఎక్కువ తీసుకుంటారు?" పిల్లలకంటే తల్లిదండ్రులే ఎక్కువగా అడుగుతారు, ఏడాది ఫీజు మిగులుతుందన్న ఆశతో. ఆశ న్యాయమైనదే. కానీ క్రెడిట్లు ఎన్ని తీసుకుంటారన్నదాని కంటే అవి డిగ్రీలో ఎక్కడ పడతాయన్నదే అసలు విషయం. ఆ సంగతి డబ్బు కట్టకముందే తెలుస్తుందా అన్నది దాని వెంటే చూడాలి. నేను ఈ మూడు దేశాలనూ ఆ రెండింటితోనే కొలుస్తాను.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 సిలబస్‌తో సీఎస్ఈ మొదటి ఏడాది పూర్తిచేసిన అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. డిగ్రీ మొత్తం 160 క్రెడిట్లలో ఆమె చేతిలో 40 ఉన్నాయి. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ సుమారు 120 క్రెడిట్లు, అంటే ఏడాదికి 30. ఆ లెక్కన మన 40 అక్కడి 30కి దగ్గరగా తేలాలి. కాగితం మీద సెకండియర్‌లోకి వచ్చేసినట్టే.

ఇప్పుడు సబ్జెక్టులు విప్పి చూద్దాం. మన "మ్యాట్రిసెస్ అండ్ కాల్క్యులస్"లో మ్యాట్రిసెస్, ఐగెన్ విలువలు, మీన్ వేల్యూ సిద్ధాంతాలు, పార్షియల్ డెరివేటివ్స్, మల్టిపుల్ ఇంటెగ్రల్స్ ఉంటాయి. అమెరికాలో వీటిలో కొంత లీనియర్ ఆల్జీబ్రాలోకి, కొంత మూడో కాల్క్యులస్‌లోకి వెళుతుంది. లిమిట్లు, డెరివేటివ్‌లు, ఇంటెగ్రేషన్ మనవాళ్లు ఇంటర్‌లోనే చదివేశారు. అక్కడ అవే మొదటి, రెండో కాల్క్యులస్ కోర్సులు. ఇంటర్‌ను వాళ్లు స్కూలు చదువు కింద లెక్కేస్తారు కాబట్టి సాధారణంగా దానికి క్రెడిట్ రాదు. అలా అన్నీ తెలిసిన పిల్ల కూడా కాగితం మీద మొదటి కాల్క్యులస్ లేకుండానే దిగుతుంది. "అప్లైడ్ ఫిజిక్స్"దీ ఇదే గొడవ. మనకు అందులో క్వాంటమ్, సెమీకండక్టర్లు, లేజర్లు, ఫైబర్ ఆప్టిక్స్ ఉంటే, వాళ్ల మొదటి ఫిజిక్స్ కోర్సు మెకానిక్స్. గ్రాఫిక్స్, వర్క్‌షాప్, బేసిక్ ఎలక్ట్రికల్ లాంటివి ఎక్కువగా ఎలెక్టివ్‌ల కింద పోతాయి. సీఎస్ డిగ్రీలో ఖాళీ ఎలెక్టివ్‌లు కొన్నే కాబట్టి మిగిలిన క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తాయే తప్ప డిగ్రీని ముందుకు జరపవు.

అసలు ఆలస్యం వచ్చేది ప్రీరిక్విజిట్ల వరుస దగ్గర. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు అయితేనే రెండోది, రెండోది అయితేనే డేటా స్ట్రక్చర్స్, ఆ తర్వాతే ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్. మన సీ ప్రోగ్రామింగ్‌కు మొదటి కోర్సు వరకు గుర్తింపు వచ్చినా వరుసలో ఒక్క మెట్టే ఎక్కినట్టు. అందుకే 30 క్రెడిట్లు ఒప్పుకున్న చోట కూడా చదువు మూడేళ్లలో కాకుండా మూడున్నరేళ్లు, ఒక్కోసారి నాలుగేళ్లు పడుతుంది. ఇది గుర్తుపట్టడం తేలికే. అక్కడి యూనివర్సిటీ ఇచ్చే క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ రిపోర్టులో మన కోర్సు పక్కన వాళ్ల అసలు కోర్సు నంబరు ఉంటే అది పనికొచ్చే క్రెడిట్. `MATH 1XX` లాంటిది కనిపిస్తే ఎలెక్టివ్ కింద వేశారని అర్థం. చిక్కేమిటంటే ఈ రిపోర్టు చాలా యూనివర్సిటీల్లో అడ్మిషన్ వచ్చాకే, కొన్నిసార్లు సీటు ఖాయం చేసుకున్నాకే చేతికొస్తుంది. ముందే అనధికారిక అంచనా అడగండి. కాల్క్యులస్‌లో ఏ కోర్సు నుంచి మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష ఉందేమో అడగండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మూడో ఏడాదిలో చేరేవాళ్లకే ప్రాధాన్యం ఇస్తాయి కాబట్టి ఈ దశలో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. అమెరికా వైపు ఒక మంచి విషయం కూడా ఉంది. ఇక్కడి మార్కులు సాధారణంగా అక్కడి జీపీఏలో కలవవు. బ్రాంచి మార్చుకోవడం కూడా మిగతా రెండు దేశాలకంటే సులువు.

బ్రిటన్‌లో (స్కాట్లాండ్ పద్ధతి వేరు) ముక్కలు ముక్కలుగా లెక్కకట్టడం తక్కువ. ఆనర్స్ డిగ్రీ 360 క్రెడిట్లు, ఏడాదికి 120. మీ మొదటి ఏడాది వాళ్ల మొదటి ఏడాదికి సరిపోతే రెండో ఏడాదిలో చేర్చుకుంటారు, లేకపోతే మొదటి నుంచి మొదలుపెట్టమంటారు. అక్కడి యూనివర్సిటీలకు ఉమ్మడిగా పెట్టే యూకాస్ దరఖాస్తులో "పాయింట్ ఆఫ్ ఎంట్రీ" దగ్గర 2 అని వేయాలి. జవాబు ఆఫర్‌లోనే వచ్చేస్తుంది కాబట్టి అనుమానానికి తావుండదు. కానీ సీఎస్ఈ పిల్లలకు ఆ జవాబు ఎక్కువగా "కాదు" అనే వస్తుంది, ఎందుకంటే అక్కడి మొదటి ఏడాదంతా కంప్యూటర్ సైన్సే. మన మొదటి ఏడాదిలో సీ, పైథాన్ ల్యాబ్ వదిలేస్తే మిగతావి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. బీటెక్ రెండో ఏడాది కూడా ఇక్కడే చేసి, డేటా స్ట్రక్చర్స్, జావా, డిస్క్రీట్ మ్యాథ్స్, డీబీఎంఎస్ చేతిలో ఉంచుకుని వెళితే అక్కడి సెకండియర్‌కు చక్కగా అతుకుతుంది. ఏడాది ఆదా కాదు. కానీ డిగ్రీ అక్కడ మూడేళ్లే కాబట్టి ఇక్కడి రెండేళ్లు, అక్కడి రెండేళ్లు కలిపి నాలుగేళ్లలో చదువు ముగుస్తుంది.

ఆస్ట్రేలియాలో సబ్జెక్టు వారీగా చూస్తారు. మామూలుగా ఏడాదికి ఎనిమిది సబ్జెక్టులు. నా మొగ్గు ఇటే, కారణం ఒక్కటే. క్రెడిట్ ఇస్తే ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని, కోర్సు వ్యవధి తగ్గితే వీసాకు వాడే అడ్మిషన్ ధ్రువీకరణ పత్రం సీఓఈలో కూడా తగ్గిన వ్యవధే ఉండాలని విదేశీ విద్యార్థుల కోసం అక్కడ పెట్టిన నేషనల్ కోడ్ చెబుతుంది. ఏ సబ్జెక్టుకు మినహాయింపు వచ్చింది, ఇంకా ఎన్ని చదవాలి అనేది కాగితం మీద చూసుకుని ఫీజు కట్టొచ్చు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ ఆనర్స్‌లో మొదటి ఏడాది ఎక్కువ భాగం అన్ని బ్రాంచిలకూ ఉమ్మడిగా ఉండటం వల్ల మన మెకానికల్, సివిల్, ఈసీఈ పిల్లల లెక్కలు, ప్రోగ్రామింగ్, డ్రాయింగ్ అక్కడ బాగా కుదురుతాయి. ఫిబ్రవరి ఇన్‌టేక్ ఉండటం మరో సౌకర్యం. మన రెండో సెమిస్టర్ ఫలితాలు ఆగస్టు, సెప్టెంబరు దాకా సాగితే బ్రిటన్ తరగతులు అందవు. ఫిబ్రవరికి మాత్రం తీరిగ్గా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చదువయ్యాక పనిచేసుకునే 485 వీసాకు ఆస్ట్రేలియాలో కనీసం 92 వారాల, అంటే రెండు విద్యా సంవత్సరాల కోర్సు చదివి ఉండాలి. మూడేళ్ల ఐటీ డిగ్రీలో ఏడాది క్రెడిట్ తీసుకుంటే మిగిలేది సరిగ్గా రెండు విద్యా సంవత్సరాలు. ఇంకో సెమిస్టర్ క్రెడిట్ ఇస్తామన్నారని సంబరపడి తీసుకుంటే ఆ అర్హత పోతుంది. అలాంటప్పుడు తక్కువ క్రెడిట్ అడగడమే మంచిది.

జర్మనీ గురించీ అడుగుతుంటారు. ఇక్కడి ఒక ఏడాది చదువు అక్కడ సంబంధిత కోర్సు మొదటి సెమిస్టర్‌లో చేరే అర్హతకు ఉపయోగపడుతుంది, అంతే. సెకండియర్ మాట ఆ తర్వాతిది. కెనడాకు చాలావరకు అమెరికా గురించి చెప్పిందే వర్తిస్తుంది.

ఏ దేశమైనా మార్కుల మెమో ఒక్కటే చాలదు. యూనిట్ల వారీ సిలబస్, లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్ గంటలు, క్రెడిట్లు చూపే ఎల్-టీ-పీ-సీ వివరాలు, పాఠ్యపుస్తకాల పేర్లు, ల్యాబ్ ప్రయోగాల జాబితాతో ప్రతి సబ్జెక్టుకూ కాపీ తీసి కాలేజీ ముద్ర వేయించండి. అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబ్ మనకు విడి సబ్జెక్టు. థియరీతో కలిపి పంపకపోతే "ల్యాబ్ లేదు" అని కొట్టేస్తారు. విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోకండి, అది మన దేశంలోని సంస్థల మధ్య వాడకానికే.

టీసీ మాత్రం చివరిదాకా తీసుకోవద్దు. వీసా వచ్చేవరకు ఇక్కడి సీటు మీదే. అప్పుడు కాలేజీ మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్స్ ఇస్తామంటే, ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ కాపీ జతచేసి రాతపూర్వకంగా అడగండి.