సీపీయూ, జీపీయూ: ఒకే లెక్క, రెండు దారులు

నిజానికి గ్రాఫిక్స్ చిప్ అయిన జీపీయూ చేసే ఏ లెక్కనైనా కంప్యూటర్ ప్రధాన ప్రాసెసర్ అయిన సీపీయూ కూడా చేయగలదు. తేడా అంతా ఒకే సమయంలో ఎన్ని చేయగలదన్నదే.

4096 వరుసలు, 4096 నిలువుల మాత్రికలు రెండింటిని గుణించాలనుకోండి. జవాబులో దాదాపు 1.68 కోట్ల గళ్లుంటాయి. ఒక్కో గడికి 4096 గుణకారాలు చేసి కూడాలి. ఏ గడీ పక్క గడి జవాబు కోసం ఆగక్కర్లేదు. అసలు కీలకం ఇదే.

మామూలు సీపీయూలో ఎనిమిదో పదహారో కోర్లుంటాయి. ఒక్కోటీ చాలా చురుకైనది. తర్వాత ఏ దారిలో వెళ్లాలో ముందే ఊహిస్తుంది, తరచూ వాడే డేటా కోసం పెద్ద క్యాష్ మెమరీని దగ్గర ఉంచుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4090 జీపీయూలో 16,384 చిన్న కోర్లున్నాయి. ఎన్‌విడియా జీపీయూల్లో థ్రెడ్లనే చిన్న పని వరుసలు 32 ఒక జట్టుగా ఒకే ఆదేశాన్ని వేర్వేరు అంకెల మీద నడుపుతాయి. ఒక జట్టు మెమరీ కోసం ఆగితే ఇంకో జట్టు పని అందుకుంటుంది. అందుకే ఈ గుణకారంలో సీపీయూ దాని దరిదాపులకు రాదు.

కానీ ఆ 32 థ్రెడ్లలో సగం `if` వైపు, సగం `else` వైపు వెళ్తే రెండు దారులూ ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. ప్రతి మెట్టూ ముందు మెట్టు జవాబు మీద ఆధారపడే లెక్కలో సీపీయూదే పైచేయి. చిన్న మాత్రికలైతే డేటా జీపీయూకి పంపి తెచ్చుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా, జీపీయూ స్థితిని చూపే `nvidia-smi` ఆదేశంలో `GPU-Util` శాతం అడుగునే ఉంటే, జీపీయూ ఎక్కువసేపు పని కోసం ఎదురుచూస్తోందన్నమాట.